జాతరకి రికార్డర్ పట్టుకెళ్లే ముందు ఒకసారి చదువు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి "అమ్మవారి కథలు జనానికి ఎందుకు గుర్తుండిపోతాయో కనిపెడుతుందట అక్కా, నువ్వే ఏదో ఒకటి చెప్పు దానికి" అంది. నువ్వు నా సబ్జెక్టులోకి వచ్చావని లోపల ఎంత మురిసిపోయానో దానికి చెప్పలేదు. కానీ ఎంచుకున్నది ఎంసీఐ థియరీ, అదే కొంచెం మాత్రమే వింతగా ఉన్న ఊహలు బాగా గుర్తుంటాయనే 'మినిమల్లీ కౌంటర్‌ఇంట్యూటివ్' థియరీ అనగానే టెన్షన్ మొదలైంది. ఆ థియరీ వినడానికి ఎంత బాగుంటుందో పరీక్షించడానికి అంత మొండిది. తెలివైన పిల్లలే దాని దగ్గర బోల్తా పడ్డారు.

పర్మిషన్లు, కన్సెంట్ ఫారాలు, రికార్డర్‌కి ఛార్జింగ్ లాంటివి నీకు తెలుసు. ఎండకి టోపీ పెట్టుకో.

ముందు థియరీ ఏమంటోందో నీ మాటల్లో నాలుగు వాక్యాల్లో రాసుకో. నేనైతే ఇలా రాస్తాను. మనిషి, జంతువు, మొక్క, వస్తువు, ఇలా కొన్ని పెద్ద అరలు చిన్నప్పటి నుంచీ మన బుర్రలో ఉంటాయి. ఏ అరలోది ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ నేర్పకుండానే ఒక అంచనా ఉంటుంది: వస్తువు ఆలోచించదు, మనిషి గోడలోంచి దూరి వెళ్లలేడు. ఆ అంచనాల్లో ఒక్కటి తప్పి మిగతావన్నీ మామూలుగా ఉన్న ఊహ గుర్తుంటుంది, నోటి నుంచి నోటికి పాకుతుంది. మానవశాస్త్రవేత్త పాస్కల్ బోయర్ 1994లో చెప్పింది స్థూలంగా ఇదే. మొక్కు వినే రాతి విగ్రహం అలాంటిది: వినడం అనే ఒక్క ముక్క తీసేస్తే మిగతాదంతా రాయే. పైగా వింటుంది అనుకోగానే ఇంకేం అనుకోవాలో మనకి ఇట్టే తెలిసిపోతుంది. కోపం వస్తుందేమో, మొక్కు మర్చిపోతే గుర్తు చేస్తుందేమో! బోయరే ఇంకో ఉదాహరణ ఇస్తాడు, బుధవారాల్లో మాత్రమే ఉండే సర్వశక్తిమంతుడైన దేవుడు. అదీ వింతే, కానీ దాంతో ఏం చేసుకోవాలో ఎవరికీ తోచదు కాబట్టి ఎవరూ పట్టుకోరు. కాబట్టి వింతగా ఉంటే చాలదు, ఆ వింత నుంచి ఆలోచన ముందుకి సాగాలి. చాలామంది ఈ రెండో సగం వదిలేస్తారు, నువ్వు వదలకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడుండేవాడు, చురుకైనవాడు, కాస్త తొందరెక్కువ. జనం నోట్లో నానే కథలు కొన్ని, పాత పుస్తకాల్లో మిగిలిపోయి ఎవరికీ తెలియని కథలు కొన్ని తీసుకుని, ఒక్కో కథలో ప్రకృతికి విరుద్ధమైన అంశాలు ఎన్నున్నాయో తనే కూర్చుని లెక్కపెట్టాడు. ప్రసిద్ధమైన వాటిలో రెండో మూడో వచ్చాయి, మరుగున పడ్డ వాటిలో సున్నా గానీ బోలెడన్ని గానీ వచ్చాయి. థియరీ చెప్పినట్టే, ముత్యాల్లాంటి ఫలితం. వైవాలో ఎగ్జామినర్ గారు ఆ టేబుల్ చూసి నవ్వి, "బాబూ, ఏడు చేపల కథలో ఎన్ని ఉన్నాయో ఇప్పుడు ఇక్కడే లెక్కపెట్టి చెప్పు" అన్నారు.

నువ్వూ లెక్కపెట్టు, కాగితం తీసుకో. చేప ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది అంటుంది. గడ్డి ఆవు మేయలేదంటుంది, ఆవు పాలేరు మేపలేదంటుంది, చివరికి చీమ నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. వాడు నాలుగన్నాడు: చేప, గడ్డి, ఆవు, చీమ. ఆ చేప బతికున్నదా అని అడిగారాయన. కాదు, ఎండబెట్టిన చచ్చిన చేప. అయితే చచ్చాక మాట్లాడ్డం ఇంకొకటి కాదా? సరే, ఐదు. గడ్డి కోసేసిన మోపు కదా, దాని సంగతేంటి? ఆరు. పక్కనున్న మరో మేడం "అసలు ఈ కథలో అన్నీ మాట్లాడతాయన్నది ఒకే షరతు కదండీ, పిల్లలకి మొదటి చేప దగ్గరే అది అర్థమైపోతుంది, ఒక్కటే అనాలి" అన్నారు. ఇంకొకాయన పిల్లల కథల్లో జంతువులు మాట్లాడ్డం మామూలే కాబట్టి సున్నా అన్నారు. బంగారు పుట్ట మీద ఇంకాసేపు నడిచింది. అది అరుదైనదే తప్ప అర దాటినది కాదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఒకటే కథ, సున్నా నుంచి ఆరు దాకా. ఏ అంకె వేసినా సమర్థించుకోవచ్చు. అలాంటప్పుడు ఏ కథ ప్రసిద్ధమో ముందే తెలిసినవాడి చెయ్యి ఎటు మొగ్గుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడు మోసగాడు కాడు తల్లీ, ప్రతిసారీ నిజాయితీగా తనకి సరైనదనిపించిందే వేశాడు. నా భయమంతా అందుకే. మోసం చేసేవాడికి కనీసం తను చేస్తున్నది తెలుస్తుంది.

అందుకని లెక్కపెట్టే నియమాలు కథలు వినకముందే రాసుకో. ఒకే షరతు పదిమందికి వర్తిస్తే ఒకటా పదా, చనిపోయింది మాట్లాడితే ఎన్ని, ఆ ప్రాంతంలో అందరూ మామూలనుకునేది లెక్కలోకొస్తుందా రాదా, అన్నీ కాగితం మీద పెట్టు. లెక్క మాత్రం నువ్వు పెట్టకు. ఏ కథ ఎంత ప్రసిద్ధమో తెలియని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఇద్దరి అంకెలూ ఎంతవరకు కలిశాయో చూడు. కలవకపోతే అదీ ఒక ఫలితమే, దాచకు.

ఆ కథతోనే ఇంకో మాట. అందులో ఆరు వింతలున్నాయని ఒప్పుకున్నా, మనందరికీ అది నోటికి రావడానికి కారణం అదేనా? ప్రశ్న, జవాబు, ఆ జవాబులోంచే తర్వాతి ప్రశ్న. ఒక కొస పట్టుకుంటే మిగతాదంతా వచ్చేస్తుంది. మాట్లాడే చేప బదులు మాట్లాడే మనుషులతో అదే గొలుసు అల్లినా గుర్తుండేదేమో. నీ అమ్మవారి కథల్లోనూ పాట ఉంటుంది, డప్పు ఉంటుంది, ఏటేటా చెప్పడం ఉంటుంది. వాటిని విడదీయకుండా క్రెడిట్ అంతా ఊహ ఆకారానికి ఇచ్చేస్తే ఎలా?

పైగా ఊళ్లో నీకు దొరికేవి గుర్తున్న కథలే. మర్చిపోయిన వాటిని ఎవరు చెప్తారు? నొరెన్‌జాయన్, ఏట్రన్ వాళ్లు 2006లో గ్రిమ్ సోదరుల సంపుటం తీసుకున్నది ఇందుకే. ఒకే పుస్తకంలో లోకమంతా తెలిసినవీ, ఎవరికీ తెలియనివీ పక్కపక్కనే ఉన్నాయి. నీకూ అలాంటిది కావాలి, అదే ప్రాంతంలో ఎప్పుడో సేకరించి అచ్చువేసిన సంపుటం ఏదైనా. దాన్ని పట్టుకుని ఊళ్లోకెళ్లి ఏవి ఇంకా బతికున్నాయో అడుగు. లేకపోతే నీ దగ్గర గెలిచినవాళ్ల జాబితా మాత్రమే ఉంటుంది.

ల్యాబ్ ప్రయోగాలు చదివేటప్పుడు ఏం గెలిచింది, ఎక్కడ గెలిచింది అని రెండూ అడుగు. బారెట్, నైహాఫ్ 2001లో వేరే గ్రహం మీది మ్యూజియం గురించి ఒక కథ అల్లి, దాన్ని ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. అర దాటిన అంశాలు మామూలు వాటికంటే బాగా నిలిచాయి. 2006లో గొన్స్, ఉపాల్ తదితరులు కథ తీసేసి ఉత్త జాబితాగా ఇస్తే మామూలువే బాగా గుర్తున్నాయి. నొరెన్‌జాయన్ వాళ్ల ప్రయోగంలోనూ విడివిడిగా చూస్తే మామూలు అంశాలదే పైచేయి. కాకపోతే ఎక్కువ మామూలువి, కొద్దిగా వింతవి కలిపిన జాబితా వారం తర్వాత అన్నింటికంటే తక్కువగా చెరిగిపోయింది. గమనించావా, ఇక్కడ వాదన చల్లగా జరిగిపోయింది! 'వింత ఊహ గుర్తుంటుంది' అన్నది కాస్తా 'కొంచెం వింత ఉన్న కూర్పు గుర్తుంటుంది' అయింది. రెండోది తప్పని నేననను, అదే నాకు ఎక్కువ నచ్చుతుంది కూడా. కానీ అవి రెండు వేర్వేరు వాదనలు. నువ్వు దేన్ని పరీక్షిస్తున్నావో మొదటి పేజీలోనే చెప్పు, ఏ ఫలితం వస్తే థియరీ ఓడినట్టో కూడా అక్కడే రాయి. అది రాయలేకపోతే ఊరికి బయల్దేరకు.

ఇంకొక్కటి, మీ అమ్మ భయపడేది దీనికే. గుర్తుండటం వేరు, నమ్మడం వేరు. మాట్లాడే చేప మనందరికీ గుర్తుంది, దానికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. మిక్కీ మౌస్‌కి గుడి ఎందుకు లేదని ఏట్రన్ అడిగింది ఇదే. పాతకాలం గ్రీకుల దేవుడు జ్యూస్‌కి దేవుడి లక్షణాలన్నీ ఉన్నా ఇవాళ కథ తెలిసినవాళ్లు దండం ఎందుకు పెట్టరని జెర్వైస్, హెన్రిక్ 2010లో అడిగారు. హెన్రిక్ జవాబు నీకు ఊళ్లో పనికొస్తుంది: మనం చెప్పినది విని కాదు, చెప్పినవాళ్లు దానికోసం ఏం వదులుకున్నారో చూసి నమ్ముతాం. కాబట్టి కథ ఒక్కటే రికార్డు చేసి వచ్చేయకు. ఆ కథ చెప్పే ముసలమ్మ ఏటా ఉపవాసం ఉంటుందా, వాళ్లాయన గుండం తొక్కాడా, చిన్నప్పుడు నువ్వేం చూశావమ్మా అని అడుగు. రెండు ఊళ్లలో ఒకటే కథ ఉండి, ఒక ఊళ్లో కథగానే మిగిలిపోయి, ఇంకో ఊళ్లో జాతర జరుగుతుంటే, ఆ తేడాని ఎంసీఐ వివరించలేదు. ఆ జంట దొరికితే నీ థీసిస్ అదే, మిగతాదంతా పక్కన పెట్టెయ్.

ఇక అక్కడ కూర్చుని "మీ అమ్మవారు జ్ఞాపకశక్తి చేసే గారడీ" అని మాత్రం అనకే. మర్యాద ఒకటే కాదు, అది తర్కానికీ నిలవదు. లెక్కలు మన బుర్రలోకి ఎలా వచ్చాయో చెప్పినంత మాత్రాన రెండు రెళ్లు నాలుగు అబద్ధం అయిపోదు, నిజమూ అయిపోదు. ఒక నమ్మకం ఎలా పాకిందన్నది నీ ప్రశ్న. అది నిజమా కాదా అన్నది ఈ పద్ధతి తేల్చేది కాదు. నీకు వేరే అభిప్రాయం ఉంటే ఉండనీ, ఇంటికొచ్చి నాతో వాదించు, పెసరట్టు వేసి పెడతా.

నియమాల కాగితం రాయగానే నాకు వాట్సాప్ చెయ్యి. ఏడు చేపల కథ దాని మీద పెట్టి చూసి, నాకెంత వచ్చిందో చెప్తాను. నీ అంకె ముందుగా నాకు చెప్పకు.

పెద్దమ్మ