అనని మాటను ఖండిస్తే ఏమని రాయాలి?

సందేహం: డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు తెలుగు చెబుతాను. ‘ఆదివారం సాయంత్రాలు అయిదు నుంచి పది దాకా ట్యాంక్‌బండ్‌ మీద వాహనాలు ఆపి నడిచేవాళ్ళకు వదలాలి, అంబులెన్సులకు దారి ఉంచాలి’ అన్న అభిప్రాయం ఇచ్చి, ఔనంటారో కాదంటారో వ్యాసం రాయమన్నాను. ఒక అబ్బాయి ఇలా రాశాడు: ‘ట్యాంక్‌బండ్‌ మీద వాహనాలు వద్దనేవాళ్ళు నగరాన్ని ఎడ్లబండ్ల కాలానికి తీసుకుపోదాం అంటున్నారు. బండ్లే లేకపోతే రోగులు ఆస్పత్రికి ఎలా వెళ్తారు? అసలు ఈ మాట అనేవాళ్ళంతా కార్లలో తిరిగేవాళ్ళే. ఇవాళ ట్యాంక్‌బండ్‌, రేపు చార్మినార్‌, ఎల్లుండి మన వీధి.’ పక్కన ‘వితండవాదం’ అని రాసి మార్కులు తగ్గించాను. ‘నేనేం వితండం చేశాను మేడమ్‌?’ అని అడిగాడు. ఎదుటివాళ్ళు అనని మాటను అంటగట్టి ఖండించే స్ట్రామ్యాన్‌ లాంటి తర్కదోషాలను పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో ఏమని రాయాలి?
— ఒక లెక్చరర్‌, హైదరాబాద్‌

సమాధానం: అబ్బాయి అడిగినదాంట్లో న్యాయం ఉందమ్మా. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా, ఎదుటివాడి మాటను కొట్టిపారెయ్యడమే పనిగా పెట్టుకుంటే దాన్ని మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు వితండ అన్నాయి. ఇతనికి పక్షం ఉంది, బండ్లు ఆపొద్దంటున్నాడు. ఇవాళ మొండి వాదన దేన్నైనా వితండవాదం అనడం వాడుకే కాబట్టి మీరు రాసింది తప్పనను. కాకపోతే పేపరు చేతికొచ్చిన కుర్రాడికి అది తిట్టులా వినిపిస్తుంది. ఏ వాక్యంలో ఏం చెడిందో దాన్నిబట్టి తెలియదు.

మొదటి రెండు వాక్యాల్లో ఉన్నది మీరన్న స్ట్రామ్యానే. న్యాయసూత్రాల్లో దీనికి దగ్గరి చుట్టం ఛలం. అంటే చెప్పినవాడు ఉద్దేశించని అర్థాన్ని అతని మాటకు అంటగట్టి దాన్ని ఖండించడం. అందులో మూడు రకాలు చెప్పారు. ‘నవకంబళం కప్పుకున్నాడు’ అని, కొత్త కంబళి అనే ఉద్దేశంతో ఒకడంటే, ‘తొమ్మిదెక్కడున్నాయి, ఒక్కటేగా’ అని రెండోవాడు పట్టుకోవడం వాక్ఛలం. మాటకున్న హద్దును చెరిపేసి, అతి విస్తారంగా తీసుకుని తప్పు పట్టడం సామాన్య ఛలం. మాటవరసకు అన్నదాన్ని అక్షరాలా తీసుకోవడం ఉపచార ఛలం. మీ అబ్బాయి చేసింది రెండోదానికి దగ్గర. అలాగని మార్జిన్లో ‘సామాన్య ఛలం’ అని రాస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. స్ట్రామ్యాన్‌కు తెలుగుగా గడ్డిబొమ్మ వాదం అనే మాట క్లాసులో ముందే చెప్పి ఉంటే అది రాయండి. లేదంటే ‘వాళ్ళు అనని మాటను ఖండించావు’ అని రాయండి చాలు, అందులో పేరూ ఉంది, దోషమూ ఉంది.

పట్టుకోవడం ఎలాగన్నది అసలు పని. మూలవాక్యంలో హద్దులు చెప్పే మాటల కింద గీత గీయండి: ఆదివారం, సాయంత్రాలు, అయిదు నుంచి పది దాకా, ట్యాంక్‌బండ్‌ మీద, అంబులెన్సులకు దారి. ఇప్పుడు విద్యార్థి వాక్యంలో అవి ఎక్కడున్నాయో వెతకండి. మొదటి వాక్యంలో రోజు పోయింది, వేళ పోయింది, చోటు ఒక్కటే మిగిలింది. రెండో వాక్యానికి వచ్చేసరికి ‘బండ్లే లేకపోతే’ అన్నాడు, చోటూ పోయింది. పైగా మూలంలో స్పష్టంగా ఉన్న అంబులెన్సు మినహాయింపును వదిలేసి, అదే రోగిని తెచ్చి ప్రశ్న వేశాడు. ‘బండ్లే’లో ఆ ఏకారం చూశారా? ‘అసలు’, ‘అంతా’, ‘ఎప్పుడూ’, ఈ ఏకారం కనబడినచోట ఒక్క క్షణం ఆగి మూలం చూడాలి. చాలాసార్లు హద్దు జారిపోయేది అక్కడే.

ఇంకో గుర్తు ‘అంటున్నారు’. తెలుగులో ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు చెప్పినా, మన మాటల్లోకి మార్చి చెప్పినా ఆ క్రియ ఒకటే. కొటేషన్‌ గుర్తులు లేకపోతే ఎవరి మాట ఎక్కడ ఆగిందో చదివేవాడికి తెలియదు. ‘ఎడ్లబండ్ల కాలానికి తీసుకుపోదాం’ అని ఎవరూ అనలేదు. అదే అతను ‘ఈ లెక్కన పోతే ఎడ్లబండ్ల కాలమే గతి’ అని రాసి ఉంటే, అది వాళ్ళ మాట కాదు, తాను లాగిన పర్యవసానం. పర్యవసానం లాగడం దోషం కాదు, మంచి వాదనలు అలాగే నడుస్తాయి. అయితే అక్కడిదాకా ఎలా వస్తుందో చూపించాలి. కాబట్టి ‘అంటున్నారు’ దగ్గర ‘ఎక్కడన్నారు?’ అనీ, ‘ఈ లెక్కన’ దగ్గర ‘ఏ లెక్కన?’ అనీ రాయండి. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు.

తప్పు అతనిదే అనేముందు మనమిచ్చిన వాక్యాన్నీ ఒకసారి చూసుకోవాలి. మీరిచ్చింది స్పష్టంగానే ఉంది. అదే ‘అన్ని వాహనాలనూ అనుమతించకూడదు’ అని ఇచ్చి ఉంటే? కొన్నిటిని అనుమతించొచ్చనీ, ఒక్కదాన్నీ అనుమతించొద్దనీ తెలుగులో దానికి రెండర్థాలు. ‘అందరూ రాలేదు’ లాంటిదే ఇదీ. అలాంటప్పుడు విద్యార్థి రెండో అర్థం తీసుకుని వాదిస్తే ఛలం అనకండి, మార్కులూ కోయకండి.

మూడో వాక్యం తేలిక. మాటను వదిలి మనిషి మీద పడ్డాడు. ‘వాళ్ళు కార్లలో తిరిగితే ఈ ప్రతిపాదన ఎలా తప్పయింది?’ అని అడిగితే సరిపోతుంది. అయితే మనిషి గురించి మాట్లాడిన ప్రతిసారీ ఇదే దోషం అనుకోకూడదు. ‘మా గిరాకీ పడిపోయింది, నమ్మండి’ అని ఒక కొట్టాయన సాక్ష్యం చెబితే, అతనికి అందులో ఉన్న లాభనష్టాలు అడగడం సబబే.

నాలుగో వాక్యం మీద నాకు మీ అంత కోపం లేదు. ‘ఇవాళ ఇది, రేపు అది’ అనడం, మధ్య మెట్లు చూపకపోతేనే దోషం. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్‌ మీద వాహనాలు ఆపడం మొదలైంది. అదే ఏడాది అలాంటి ఆదివారం సాయంత్రాలు చార్మినార్‌ దగ్గరా జరిగాయి. ఆ సంగతి రాసి ఉంటే అతని మొదటి మెట్టుకు ఆధారం దొరికేది. చార్మినార్‌ నుంచి ‘మన వీధి’ దాకా మాత్రం ఇంకా గెంతే. వందలాది మంది చూడ్డానికి వచ్చే చోటుకీ, మనుషులు కాపురాలుండే వీధికీ పోలిక ఏమిటో అతనే చెప్పాలి. ‘మెట్లు చూపించు’ అని రాయండి.

వ్యాఖ్య మొత్తం ఇలా ఉంటే బాగుంటుంది: ‘మూలంలో ఆదివారం సాయంత్రం అని ఉంది, అంబులెన్సులకు దారి ఉంది. నువ్వు ఆ రెండూ తీసేసి, వాళ్ళు అనని మాటను ఖండించావు. వాళ్ళు అన్నదాన్నే పట్టుకో: ఆ అయిదు గంటలు బండ్లన్నీ లోయర్‌ ట్యాంక్‌బండ్‌ మీదికి మళ్ళితే అక్కడివాళ్ళ గతేమిటి?’ చివరి ప్రశ్న మీరు అందించినా తప్పులేదు. అతని పక్షాన బలమైన వాదన ఉండొచ్చని, తాను దాన్ని ఎత్తుకోలేదని దాంతో తెలుస్తుంది. వాదన కుంటిదైనంత మాత్రాన అతని అభిప్రాయం తప్పని కూడా కాదు, అందుకని మార్కులు ఖండన రాసిన తీరుకే తగ్గించండి, బండ్లు ఆపొద్దన్నందుకు కాదు. నాలుగు దోషాలకూ ఒకేసారి గీతలు పెట్టకండి. మొదటిది సరిచేస్తే రెండో వాక్యం దానంతటదే పోతుంది. మిగతా రెండూ తిరగరాసిన పేపరులో ఇంకా ఉంటే అప్పుడు చూసుకోవచ్చు.