డ్రోన్ మ్యాప్‌లో ఒక చివర కొలత సరిగ్గా, మరో చివర తక్కువగా వస్తోంది

ప్రశ్న: డ్రోన్ వీడియోలోంచి ఫ్రేములు తీసి, వరసగా అతికించి మ్యాప్ చేశాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ దూరాలు మొదట్లో సరిపోతున్నాయి, చివరికొచ్చేసరికి తగ్గిపోతున్నాయి. తప్పెక్కడ?

జవాబు: నాకూ అచ్చం ఇలాగే అయింది. చదునైన మట్టిరోడ్డు మీదుగా 60 మీటర్ల ఎత్తున ఒకే పాస్‌లో వీడియో తీసి, 41 ఫ్రేములు అతికించాను. ఎక్కడా అతుకు కనిపించకపోయేసరికి మ్యాప్ అదిరిందనుకున్నాను.

అదృష్టం కొద్దీ ఎగరేసే ముందే రోడ్డు వెంట మూడు చోట్ల, టేపుతో కొలిచి, 30 మీటర్ల ఎడంలో రెండేసి తెల్లగుడ్డలు పరిచాను. మొదటి ఫ్రేముతో స్కేలు కుదిర్చి కొలిస్తే మొదటి జత 30 మీటర్లే వచ్చింది. మధ్యది 28.2, చివరిది 26.6!

ప్రతి ఫ్రేమునీ దాని ముందు ఫ్రేముతో మాత్రమే సరిపోలిస్తే, లెన్స్ వంపు వల్లో, కెమెరా కాస్త వాలడం వల్లో ఒక్కో అతుకు దగ్గర వచ్చే చిన్న తేడా తర్వాతి దానికి అంటుకుంటూ పోతుంది. అతుక్కి 0.3 శాతమే తగ్గినా, 40 అతుకులకి ఇదీ లెక్క:

```
0.997^40 = 0.887
30 × 0.887 = 26.6
```

అందుకే ఒక్క చోట కొలిచి ఊరుకోకూడదు. కొలత మీలాగా వరసగా తగ్గుతూ పోతే తప్పు అతుకుల గొలుసులో ఉంది. అన్నిచోట్లా ఒకే శాతం తేడా ఉంటే మొత్తం స్కేలే తప్పు, ఒక్క గుణకంతో పోతుంది. ఏదో ఒక్క చోటే పెద్దదిగా వస్తే అక్కడ నేల ఎత్తుగా ఉందేమో చూడండి. 60 మీటర్ల నుంచి తీస్తే, 6 మీటర్ల గుట్ట పైభాగం 60/54 లెక్కన 11 శాతం పెద్దదిగా పడుతుంది. వీడియో పక్కన వచ్చే SRT ఫైల్లోని `rel_alt` ఇక్కడ సాయపడదు. అది డ్రోన్ లేచిన చోటి నుంచి ఎత్తు, కింద ఉన్న నేల నుంచి కాదు.

నేను మళ్లీ ఎగరేశాను. ఈసారి పక్కగా తిరుగు పాస్ కూడా తీశాను, రెండు పాస్‌లూ బాగా ఒకదానిమీదొకటి పడేలా. సెకనుకు 5 మీటర్ల వేగం కాబట్టి రెండు సెకన్లకో ఫ్రేము చాలింది:

```
ffmpeg -i video.mp4 -vf fps=1/2 -q:v 2 f_%04d.jpg
```

వీడియో ఫ్రేముల్లో జీపీఎస్ ఉండదు. SRTలోంచి తీసి `geo.txt`లో రాసి, WebODM అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. అది ఫ్రేములన్నిటినీ ఒకేసారి సర్దుతుంది, నేల ఎత్తునీ లెక్కలోకి తీసుకుంటుంది. మూడు జతలూ దాదాపు 29.5 వచ్చాయి. ఇంకా తక్కువే, కానీ అన్నీ ఒకే మేర. మొదటి జతతో స్కేలు సరిచేసి, దాన్ని పక్కన పెట్టి, మిగతా రెండిటితో పరీక్షించాను: 30.1, 29.9.