రాత్రి బండిలో చంటివాడి పక్క

అమ్మాయీ,

రైలు రాత్రి తొమ్మిది నలభైకి, దిగేది తెల్లవారి ఐదు నలభైకి అని రాశావు. వాడికి ఏడు నెలలు, బోర్లా పడి తిరిగి వెల్లకిలా అవుతున్నాడు, మీరిద్దరూ వెళ్తున్నారు, కింది బెర్తు ఒకటి ఉంది. ఏం సర్దుకోవాలని అడిగావు కానీ, డైపర్లూ బట్టలూ నేను చెప్పక్కర్లేదు, నీకే బాగా తెలుసు. నేను వాడి పక్క గురించే రాస్తాను. బండిలో పిల్లలు నిద్రపోకపోవడానికి చప్పుడు కంటే కొత్త పక్కే ఎక్కువ కారణం. అపాయం వచ్చినా అక్కడి నుంచే వస్తుంది.

ముందు పరుపు సంగతి. మెత్తగా ఉంటే హాయిగా పడుకుంటాడని మనకు అనిపిస్తుంది, అది పెద్దవాళ్ల లెక్క. ఏడాదిలోపు పిల్లలకు పక్క గట్టిగా, సమంగా ఉండాలి. బొంతలు మడతలు పెట్టి వేస్తే బోర్లా పడినప్పుడు ముక్కు అందులో కూరుకుంటుంది, తల తిప్పుకోలేకపోతే ఊపిరి ఆడదు. అందుకని పలుచని గట్టి ఫోమ్ మ్యాట్ ఒకటి తీసుకో, చుట్టి సంచిలో పెట్టుకునేలా ఉండాలి. కొనేముందు అరచేత్తో గట్టిగా నొక్కి చెయ్యి తియ్యి. వెంటనే పైకి లేవాలి. చేతి గుంట అలాగే కాసేపు కనిపిస్తే అది వద్దు. వెడల్పు బెర్తుకు సరిపోవాలి, అంచు దాటి వేలాడకూడదు. దాని మీద వేసే దుప్పటి నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్నదైతే మంచిది, వాడు కాళ్లతో తన్నినా ముడుచుకుపోయి మొహం మీదికి రాదు. దిండు వద్దు, పక్కన బొమ్మలు వద్దు, పడిపోకుండా అడ్డం పెడతారే ఆ మెత్తని గొట్టం దిండ్లు అసలే వద్దు. బండిలో ఇచ్చే దిండూ రగ్గూ మీ ఇద్దరికే, వాడి దగ్గరికి రానివ్వకండి.

ఈ మ్యాట్‌ని బయల్దేరే రోజు విప్పి వేస్తే ఏం లాభం లేదు. ఇవాళే ఇంట్లో నేల మీద, వాడు రోజూ పడుకునే గదిలోనే వెయ్యి. మొదట ఒకటి రెండు రోజులు పగటి నిద్ర దాని మీద, తర్వాత మూడు నాలుగు రాత్రులు పూర్తిగా దాని మీదే. దుప్పట్లు రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడు, ప్రయాణానికి ముందు ఉతకొద్దు. శుభ్రం అంటూ ఉతికి ఇస్త్రీ చేసి తీసుకెళ్తావని తెలుసు నాకు, నీ చేతులు ఊరుకోవు! కానీ ఆ వాసనే వాడికి ఇల్లు. రెండోది ఎందుకంటే ఒకటి రాత్రి తడిసిపోతే వేసే దుప్పటి కూడా వాడికి తెలిసిందే అయి ఉండాలి.

కప్పే రగ్గు బదులు స్లీప్ సాక్ వాడు. చేతులు బయటికి ఉండి, మెడ దగ్గర వదులు లేకుండా, కింద సంచిలా మూసి ఉండేది. బోర్లా పడుతున్నాడు కాబట్టి చేతులు కట్టేసేలా గుడ్డలో చుట్టడం ఇక మానెయ్యాలి. ఏసీలో చలి పుడుతుందని స్వెట్టరూ టోపీ తొడిగేస్తారు చాలామంది. నిద్రలో టోపీ వద్దు, పిల్లల ఒంట్లో వేడి తల నుంచి బాగా పోతుంది, పైగా అది జారి మొహం మీదికి వస్తుంది. నీకు ఒక చొక్కాతో సరిపోతున్న చోట వాడికి ఇంకొక పొర, అంతే. చేతులూ కాళ్లూ పట్టుకుని చల్లగా ఉన్నాయని కంగారు పడకు, పిల్లలకు అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, కాలరు లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడు. చెమటగా తగిలితే ఒక పొర తియ్యి, చల్లగా తగిలితే ఒకటి కలుపు. గాలి నేరుగా వాడి తల మీదికి కొడుతుంటే పక్కనే అటూ ఇటూ తిప్పి వెయ్యి, రంధ్రానికి గుడ్డ కుక్కే పని పెట్టుకోకు.

ఇక ఎవరు ఎక్కడ అన్నది. వాడు గోడవైపు, మీలో ఒకరు బయటి అంచున కూర్చుని. పడుకుని కాదు, కూర్చుని, మెలకువగా. బెర్తు వెడల్పు చూస్తే నీకే తెలుస్తుంది, మనిషీ బిడ్డా కలిసి పడుకుంటే ఎవరో ఒకరు నలుగుతారు, లేదా వాడు గోడకూ పరుపుకూ మధ్య సందులోకి జారతాడు. ఆ సందు ఉంటే మ్యాట్‌ని గోడకు ఆనేలా జరుపు, తువ్వాలు చుట్టి కుక్కడం కాదు, ఆ తువ్వాలే వదులై మొహం దగ్గరికి వస్తుంది. పదింటి నుంచి ఒకటిన్నర దాకా నువ్వు, తర్వాత ఐదింటి దాకా మీ ఆయన, లేదా మీ ఇష్టం. మిగిలినవాళ్లు పై బెర్తులో నిజంగా నిద్రపోవాలి, ఇద్దరూ సగం సగం మేలుకుని ఉంటే తెల్లారేసరికి ఇద్దరూ పనికిరారు. మూడూ నాలుగూ మధ్య కళ్లు మూతలు పడతాయి. ఆ గంటలో వాడిని ఒళ్లోనో ఛాతీ మీదో పెట్టుకుని కూర్చోవద్దు, కూర్చునే కునుకు తీసినప్పుడు బిడ్డ జారి మెడ వంగడమో, ఒంటికీ సీటుకీ మధ్య చిక్కుకోవడమో జరుగుతుంది. పక్క మీద పడుకోబెట్టి, అరగంటకోసారి ఫోను వైబ్రేషన్ పెట్టుకో. నువ్వు ఒక్కదానివే వెళ్తున్నట్టయితే ఈ రాత్రి బండే వద్దనేదాన్ని, పగలు వెళ్లమనేదాన్ని.

నిద్ర వేళ చూద్దాం. ఇంట్లో ఎనిమిదికి పడుకుంటాడు, బండి తొమ్మిది నలభైకి. ఎనిమిదికే పడుకోబెట్టి తొమ్మిదికి ఎత్తుకుని స్టేషనుకు పోతే ఏమవుతుందంటే, ఆ గంట నిద్రతో ఆకలి తీరినట్టు ఊరుకుంటాడు, బండిలో పదకొండు దాకా ఆడతాడు. అందుకని ఆ రోజు సాయంత్రం నిద్రను కాస్త వెనక్కి జరుపు. ఐదున్నరకు పడుకుని ఆరున్నరకు లేచేలా. ఈ వయసులో ఒకసారి లేచాక మూడు గంటలు, మూడుంపావు దాకా తట్టుకుంటాడు కాబట్టి తొమ్మిది నలభై ఐదుకు నిద్ర సరిగ్గా వస్తుంది. స్నానం, రాత్రి బట్టలు ఇంట్లోనే ఎనిమిదికి ముగించు. స్టేషనుకు కారులో వెళ్తే దారిలో కునుకు తీయకుండా మాట్లాడుతూ ఉండు, పది నిమిషాల కునుకు చాలు వేళంతా చెడగొట్టడానికి. ఎక్కగానే మ్యాట్ పరిచి, బండి కదిలేలోపే డైపరు మార్చేసి, స్లీప్ సాక్ తొడిగి, పాలు పట్టి, ఇంట్లో పాడే పాటే అదే వరసలో పాడు. పరాయివాళ్లు ఉన్నారని సిగ్గుపడి మానెయ్యకు. వెల్లకిలా పడుకోబెట్టు. నిద్రలో తనే బోర్లా తిరిగితే పరవాలేదు, రెండువైపులా తిరగడం వచ్చినవాడు కదా.

బండి చప్పుడు గురించి భయపడకు, అది వాడికి జోలే. లేపేది బండి ఆగడం. స్టేషనులో కుదుపు ఆగి, చప్పుడు ఆగి, ఆ నిశ్శబ్దంలో వాడు కళ్లు తెరుస్తాడు. అందుకని ఫోనులో వాన చప్పుడులాంటిది ఇంట్లో అలవాటు చేసిన రోజుల నుంచే, చాలా తక్కువ శబ్దంలో పెట్టు. మన మాట కంటే తక్కువగా, కాళ్లవైపు, తలకు దూరంగా. బండి నడుస్తున్నప్పుడు అది వినిపించను కూడా వినిపించదు, ఆగినప్పుడే పనిచేస్తుంది. వెలుతురుకు గుడ్డ అడ్డం కట్టాలంటే బెర్తు బయటి అంచున నిలువుగా కట్టు, కింద పైన గాలి ఆడేలా. వాడి మీద గొడుగులా కప్పడం వద్దు, లోపల వేడెక్కుతుంది, మొహం కనబడదు.

మధ్యలో కదిలి మూలిగితే వెంటనే ఎత్తుకోకు. పిల్లల నిద్ర ముప్పావు గంటకో, ఇంకొంచెం ఎక్కువకో ఒక చుట్టు తిరుగుతుంది, ఆ మలుపులో కాస్త గింజుకుని మళ్లీ పడుకుంటారు. పొట్ట మీద చెయ్యి వేసి ఒకటి రెండు నిమిషాలు చూడు. ఏడుపు పెరిగితే అప్పుడు ఎత్తుకో, పాలకు లేచే వేళైతే దీపం వెయ్యకుండా, మాట్లాడకుండా పట్టేసి పడుకోబెట్టు. డబ్బాపాలైతే ఫ్లాస్కులో వేడినీళ్లూ పొడీ వేరువేరుగా పెట్టుకుని అప్పటికప్పుడు కలుపు, చల్లార్చి పట్టు. కలిపినవి రెండు గంటలు దాటితే పారబోసెయ్. నిద్రపట్టే సిరప్ అంటూ జలుబు మందు ఎవరైనా ఇస్తే పుచ్చుకోకు, ఈ వయసు పిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

బస్సు అయితే ఏం చెయ్యాలనీ అడిగావు. రెండూ దొరికితే రైలే. సీటు బస్సులో సమంగా పడుకోబెట్టే చోటే ఉండదు. ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో ఉంచితే మొహం నీకు కనబడాలి, గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, కట్టుకున్నవాళ్లు నిద్రపోకూడదు. బస్సు ఆగిన ప్రతిచోటా తీసి కాసేపు వెల్లకిలా పరుండబెట్టాలి. స్లీపర్ బస్సులో కింది బెర్తు తీసుకుని, వాడి కాళ్లు బస్సు ముందు వైపు ఉండేలా పడుకోబెట్టు. బ్రేకు పడితే ముందుకు జారేది కాళ్లే కావాలి, తల కాదు. కాపలా మాత్రం రైలులో లాగానే.

దిగే ముందు అన్నీ సర్దేసి, వాడి మ్యాట్ మాత్రం చివరిదాకా ఉంచు. ఐదున్నరకు స్లీప్ సాక్ విప్పి ఎత్తుకో, కారు సీటులో పెట్టాలంటే బెల్టు ఒంటికి బిగుతుగా పట్టాలి కాబట్టి సాక్‌తో కట్టకూడదు. అక్కడికి చేరాక అదే మ్యాట్, అదే ఉతకని దుప్పటి ఆ గదిలో వెయ్యి. పొద్దున కొంచెం ముందే నిద్ర అడుగుతాడు, పడుకోనివ్వు కానీ రెండు గంటలు దాటితే లేపు, లేకపోతే ఆ రాత్రి మిమ్మల్ని పడుకోనివ్వడు. సాయంత్రం ఏడున్నరకే కళ్లు నలుపుకుంటే అప్పుడే పడుకోబెట్టెయ్. మామూలు వేళకు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా పెరుగుదల కోసం మేలుకుంటున్నాడనో పళ్లు వస్తున్నాయనో ఎవరైనా చెప్పినా పట్టించుకోకు. జ్వరం, గట్టి దగ్గు ఉంటే మాత్రం బయల్దేరేముందే డాక్టరుకు చూపించు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే ప్రయాణం నిర్ణయించుకునే ముందే అడగాలి.

మ్యాట్ కొన్నాక దాని కొలతలు, మీ బెర్తు నంబరు నాకు రాయి.

పిన్ని