ముద్ద వెళ్ళే దారి, మాట వెళ్ళే దారి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన జీర్ణవ్యవస్థ గేయం అందింది. పైకి నాలుగుసార్లు పాడుకున్నాను. నడక బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. నా టెన్షన్ అంతా మూడో చరణం గురించే. అందులో ఇలా రాశావు:

జీర్ణాశయాన్ని దాటిన ముద్ద
కాలేయంలో కాసేపాగె

తిన్నది కాలేయంలోకి వెళ్ళదమ్మా. క్లోమంలోకీ వెళ్ళదు. జీర్ణాశయం నుంచి నేరుగా చిన్నపేగులోకే వెళుతుంది. కాలేయం తయారుచేసిన పైత్యరసం, క్లోమరసం చిన్న గొట్టాల గుండా అక్కడికే వచ్చి కలుస్తాయి. అంటే వెళ్ళేది ఆహారం కాదు, వచ్చేవి రసాలు.

ఈ తప్పు ఎంత బలంగా నాటుకుపోతుందో నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాంటి పాటే రాసి పిల్లలకు నేర్పాను. తర్వాత బొమ్మ ఇచ్చి, ముద్ద వెళ్ళే దారిని రంగు పెన్సిల్‌తో గీయమన్నాను. ఒక పాప గీత జీర్ణాశయం దాటి కాలేయంలోకి దూరి, ఒక చుట్టు తిరిగి బయటికొచ్చింది. ఎందుకని అడిగితే నా పాటలోని పాదమే పాడి వినిపించింది. పాట గుర్తున్నంతకాలం తప్పూ గుర్తుంటుంది. అందుకే ఆ చోట క్రియ మార్చాలి. ముద్ద ‘ఆగె’, ‘చేరె’ అనకుండా, రసాలు ‘పంపె’, ‘పోసె’ అనాలి. ఇలా ప్రయత్నించి చూశాను:

పొట్టన చిలికిన పలుచని జావ
జావే జారెను చిన్నపేగులో
కాలేయం తన పసరును పంపె
క్లోమం కూడా రసమును పోసె

ఇందులో ‘ముద్ద’ లేదు, గమనించావా? జీర్ణాశయంలో ఆమ్లంతో, జీర్ణరసాలతో కలిసి చిలికాక అది ముద్దగా ఉండదు, జావలాంటి ద్రవమవుతుంది. పేగులోకి కూడా కొంచెం కొంచెంగానే జారుతుంది. నీ గేయంలో నోటి నుంచి చివరిదాకా ‘ముద్ద’ ముద్దగానే ప్రయాణం చేసింది. రూపం మారినప్పుడల్లా పేరు మార్చు. నోట్లో ముద్ద, పొట్ట దాటాక జావ, సారం పోయాక పిప్పి. అప్పుడు ఏ పాదం ఎక్కడుండాలో ఆ పేరే చెబుతుంది.

రెండో చిక్కు పేగుల దగ్గర. ‘చిన్న’, ‘పెద్ద’ రెండూ గురువు, లఘువు. ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా తాళం తప్పదు, పాడే పిల్లవాడికి ఏ తేడా తెలియదు. పైగా పేర్లే తికమక పెడతాయి. చిన్నపేగు సన్నం కాబట్టి చిన్నది, పొడవులో మాత్రం పెద్దవాళ్ళలో 6 మీటర్ల దాకా ఉంటుంది. పెద్దపేగు వెడల్పే కానీ పొడవు సుమారు మీటరున్నర. అందుకని పేరు ఒక్కదాన్నే నమ్ముకోకు, దాని పక్కనే దాని పని కట్టు. పోషకాలు చాలావరకు రక్తంలోకి చేరేది చిన్నపేగులోనే. మిగిలిన పిప్పిలోంచి నీటిని పీల్చేది పెద్దపేగు:

సారం పోగా మిగిలిన పిప్పి
పిప్పిలొ నీటిని పెద్దది పీల్చె

జావ, జావ. పిప్పి, పిప్పి. నేను చేసినదేమిటో తెలిసే ఉంటుంది, ముక్తపదగ్రస్తం. విడిచిన పదాన్ని తర్వాతి పాదం అందుకోవడం. ‘గ్రస్తం’ అంటే మింగబడినది అనే అర్థం కూడా ఉంది, ఈ విషయానికి ఇంతకంటే తగిన అలంకారం నాకు దొరకలేదు. అలంకారం కోసం మాత్రం కాదు. పిల్లవాడు మధ్యలో మరిచిపోతే, ఆగిపోయిన మాటే తర్వాతి పాదాన్ని నోటికందిస్తుంది. అయితే ప్రతి పాదానికీ వాడకు, విసుగొస్తుంది. ఆహారం ఒక భాగం వదిలి ఇంకో భాగంలోకి అడుగుపెట్టే చోటే వాడు. రసాలొచ్చే పాదాలకు ఆ గొలుసు వద్దు. అక్కడ ఆహారం ఎటూ కదలడంలేదు కదా.

పోషకాలు రక్తంతోపాటు కాలేయానికి వెళతాయి కదా అని తెలివైన పిల్లలెవరైనా అడగవచ్చు. నిజమే, వెళతాయి. కానీ అది రక్తం దారి, వేరే పాట. దీంట్లో కలపకు.

చివరి చరణంలో ‘మిగిలినదంతా బయటికి పోయె’ అని దాటేశావు. ‘మలం’ అని రాయి. పిల్లలు నవ్వుతారు, నవ్వి గుర్తుపెట్టుకుంటారు. పురీషనాళంలో కాసేపు నిలవ ఉండి పాయువు గుండా పోతుందని ఒక్క పాదంలో చెప్పవచ్చు.

తిరగరాశాక పాదాలు విడివిడి చీటీల మీద రాసి కలిపేసి, పాట వినని పిల్లల చేతికివ్వు. వాళ్ళు వాటిని వరసలో పేర్చగలరేమో చూడు. ఏ చీటీ అటూ ఇటూ మారినా వాళ్ళకు తేడా తెలియకపోతే ఆ పాదాన్నే మళ్ళీ రాయాలి. ఏ చీటీలు మారాయో నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు