వ్యూస్ అంకె ఎందుకు ఆగుతుంది, వచ్చినవి ఎందుకు తగ్గుతాయి?

ప్రశ్న: మా బృందం పాడిన నాలుగు నిమిషాల పాటను యూట్యూబ్‌లో పెట్టాం. సాయంత్రానికి 1,200 వ్యూస్ కనిపించాయి. ఆ తర్వాత రాత్రంతా అంకె కదలలేదు, లైకులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. మూడో రోజుకు వ్యూస్ 940కి దిగాయి. మొదటి రోజు మా మిత్రుడొకరు నాలుగు ఫోన్లలో ఐదు గంటల పాటు పాటను ఆపకుండా ప్లే చేశారు. మా వెబ్‌సైట్‌లో కూడా పేజీ తెరవగానే పాట దానంతటదే మొదలయ్యేలా పెట్టాం. ఒకసారి వచ్చిన వ్యూస్ ఎలా పోతాయి?

జవాబు: నాలుగు నిమిషాల పాట ఒక ఫోనులో గంటకు 15 సార్లు ప్లే అవుతుంది. నాలుగు ఫోన్లలో 60 సార్లు. ఐదు గంటలకు 300. మీకు తగ్గినవి 260. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే, తగ్గినవాటిలో ఎక్కువ భాగం ఆ ఫోన్లవేనని నా అంచనా. ఏయే వ్యూస్ కొట్టివేశారో యూట్యూబ్ విడివిడిగా చూపదు కాబట్టి దీన్ని రుజువు చేయలేం. కానీ లెక్క జరిగే తీరు తెలిస్తే ఆ అంచనా ఎందుకు సబబో మీకే అర్థమవుతుంది.

వీడియో మొదలైనప్పుడు మీ ఫోనులోని ప్లేయరు యూట్యూబ్ సర్వర్లకు ఒక చిన్న సందేశం పంపుతుంది. ఈ వీడియో ఇప్పుడు మొదలైంది అన్నది దాని సారాంశం. ఆ తర్వాత ఎంతవరకు చూశారో చెబుతూ మధ్యమధ్యలో మరికొన్ని సందేశాలు వెళ్తాయి. కంప్యూటర్‌లో దీన్ని మీరే చూడవచ్చు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, Network విభాగంలో stats అని వెతికి, ఒక వీడియో ప్లే చేయండి. `/api/stats/playback`, `/api/stats/watchtime` అనే చిరునామాలకు అభ్యర్థనలు వెళ్లడం కనిపిస్తుంది. వీడియో దృశ్యం, శబ్దం వేరే దారిలో వస్తాయి. లెక్కకు కావలసిన సమాచారం ఈ దారిలో వెళ్తుంది.

ఈ రెండు దారులూ వేర్వేరు కాబట్టి ఒకటి నడుస్తూ మరొకటి ఆగిపోవచ్చు. 2025 ఆగస్టులో అదే జరిగింది. చాలా ఛానళ్లకు కంప్యూటర్ల నుంచి వచ్చే వ్యూస్ ఒక్కసారిగా పడిపోయాయి. లైకులు మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్లు వాడే నిరోధక జాబితాల్లో వచ్చిన మార్పు ఈ లెక్క సందేశాలను కూడా ఆపేస్తోందని పరిశీలించినవారు గుర్తించారు. అలాంటి ఎక్స్‌టెన్షన్ల వల్ల వ్యూస్ లెక్కలో తేడా రావచ్చని యూట్యూబ్ కూడా చెప్పింది. అంటే మనిషి వీడియోను పూర్తిగా చూసినా, ఆ సందేశం చేరకపోతే వ్యూ నమోదు కాదు.

దీనికి తిరగబడిన సమస్య మీది. సందేశం చేరింది, చూసిన మనిషి లేడు. ప్లేయరు పంపే సందేశం ఒక ప్రకటన మాత్రమే, అది నిజమో కాదో తేల్చవలసింది సర్వరు. ఎవరైనా లాగిన్ కాకుండానే వీడియో చూడవచ్చు, ఒకే మనిషి పదిసార్లు చూడవచ్చు, ఒక చిన్న ప్రోగ్రాము అలాంటి సందేశాలను వేలల్లో పంపనూ వచ్చు. అందుకే వచ్చిన ప్రతి సందేశాన్నీ వెంటనే తుది లెక్కలో కలపడం కుదరదు.

మీ లైకులు ఆగకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. లైకు కొట్టాలంటే లాగిన్ కావాలి, ఒక ఖాతాకు ఒక వీడియో మీద ఒక్క లైకే. మళ్లీ నొక్కితే అది రద్దవుతుంది. కాబట్టి దాన్ని సరిచూడడం చాలా తేలిక, అంకె వెంటనే మారుతుంది. వ్యూస్‌కు అంత స్పష్టమైన హద్దు లేదు. రెండు అంకెలు రెండు వేర్వేరు వరుసల్లో, వేర్వేరు వేగాలతో నడుస్తాయి. అందుకే కొన్ని గంటల పాటు వ్యూస్ కన్నా లైకులే ఎక్కువ కనిపించే వింత కూడా జరుగుతుంది.

ఆ వింత ఒకప్పుడు యూట్యూబ్‌లో నిత్యం కనిపించేది. కొత్త వీడియోల వ్యూస్ 301 దగ్గర ఆగిపోయేవి, పక్కన లైకులు వేలల్లో ఉండేవి. ఎందుకో 2012లో నంబర్‌ఫైల్ అనే గణిత ఛానల్‌కు యూట్యూబ్ ఉద్యోగి టెడ్ హామిల్టన్ వివరించారు. వ్యూస్ తక్కువగా ఉన్నంతవరకు ఏ సర్వరుకు వచ్చిన లెక్కను అది పెద్దగా ప్రశ్నించకుండా కలిపేది. కొన్ని వందల వ్యూస్‌ను ఎవరైనా దొంగగా పెంచుకున్నా పెద్ద నష్టం లేదు. ఆ హద్దు దాటాక మాత్రం లెక్క తనిఖీ వ్యవస్థకు వెళ్లేది, అక్కడ సరిచూసి విడుదల చేసేదాకా అంకె కదిలేది కాదు. హద్దు 300 అయితే 301 ఎందుకు కనిపించింది? నిబంధన సుమారుగా ఇలా ఉండేది:

```
if (views <= 300) views = views + 1
```

300 దగ్గర కూడా షరతు నిజమే కాబట్టి ఇంకొకటి కలుస్తుంది. 301 అయ్యాక షరతు తప్పుతుంది, అంకె అక్కడ నిలుస్తుంది. `<=` బదులు `<` రాసి ఉంటే 300 దగ్గరే ఆగేది. ఆ ఒక్క గుర్తు ఏళ్ల తరబడి కోట్ల మందిని ఆశ్చర్యపరిచిందంటే ఈ రంగంలో పనిచేసే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

2015 ఆగస్టులో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు నిజమైనవిగా తేలిన వ్యూస్‌ను అప్పటికప్పుడు కలుపుతారు, అనుమానం ఉన్నవాటిని మాత్రం పక్కన ఉంచి పరీక్షిస్తారు. కాబట్టి స్థిరమైన హద్దంటూ లేదు. ఏ వీడియో అయినా, ఏ అంకె దగ్గరైనా నెమ్మదించవచ్చు, ఆగవచ్చు. మీది 1,200 దగ్గర ఆగడానికి ఆ అంకెలో ప్రత్యేకత ఏమీ లేదు. ముఖ్యంగా వీడియో పెట్టిన తొలి గంటల్లో ఇది మామూలే. ప్రపంచమంతా ఉన్న సర్వర్ల లెక్కలు ఒకచోట చేరాలి. పైగా పేజీలో కనిపించే అంకె కొంతసేపు దాచి ఉంచిన పాత నకలు కావచ్చు. అందుకే ఫోనులో ఒక అంకె, కంప్యూటర్‌లో మరో అంకె కనిపించినా కంగారు పడనక్కర్లేదు.

ఇక తగ్గడం గురించి. తనిఖీ ఒక్కసారితో అయిపోదు. యూట్యూబ్ వ్యూస్‌ను తర్వాత కూడా పరిశీలిస్తూనే ఉంటుంది. ఒక వ్యూ వచ్చిన క్షణంలో దాన్ని ఒంటరిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. మీ మిత్రుడి ఫోనులో మొదటిసారి ప్లే అయిన పాట నిజమైన వ్యూయే. రెండోది, మూడోది కూడా కావచ్చు, మంచి పాటను ఎవరైనా వెంటవెంటనే వింటారు. ముప్పయ్యోసారి, నలభయ్యోసారి అదే నాలుగు ఫోన్లు, అదే విరామంతో, మధ్యలో ఎక్కడా ఆపకుండా పంపుతూ ఉంటే అప్పుడు నమూనా బయటపడుతుంది. నమూనా కనిపించడానికి సమయం పడుతుంది. అది తేలేసరికి ఆ వ్యూస్ అప్పటికే అంకెలో కలిసి ఉంటాయి, కాబట్టి వెనక్కి తీయక తప్పదు. మీ 300లో 40 దాకా మిగిలాయనుకుంటే, వాటిని మామూలు వినికిడిగానే భావించి ఉండవచ్చు. ఎన్నోసారి నుంచి కొట్టివేస్తారో యూట్యూబ్ ప్రకటించదు. ప్రకటిస్తే మోసం చేసేవారు సరిగ్గా ఆ హద్దుకు ఒకటి తక్కువ దగ్గర ఆగుతారు.

ఇదే కారణంతో 30 సెకన్లు చూస్తేనే వ్యూ అనే మాటను కూడా ఖాయంగా నమ్మకండి. ఆ అంకె ప్రకటనల నుంచి వచ్చింది. దాటవేయగల ప్రకటనను 30 సెకన్లు చూస్తే, అంతకన్నా చిన్నదైతే పూర్తిగా చూస్తే, లేదా దాని మీద నొక్కితే వ్యూగా లెక్కిస్తారు. మామూలు వీడియోకు అలాంటి నిర్ణీత సమయాన్ని యూట్యూబ్ చెప్పలేదు. షార్ట్స్ సంగతి వేరు. 2025 మార్చి 31 నుంచి అవి మొదలైనా, మళ్లీ తిరిగినా వ్యూయే, కనీస సమయం లేదు. పాత పద్ధతి లెక్క ఎంగేజ్డ్ వ్యూస్ పేరుతో విడిగా ఉంది, ఆదాయానికి దాన్నే చూస్తారు.

మీ వెబ్‌సైట్ విషయానికి వస్తే, అక్కడి వ్యూస్ పోలేదు, అసలు నమోదే కాలేదు. బయటి పేజీలో పెట్టిన ప్లేయరులో, చూసేవారు ప్లే బటన్ నొక్కి మొదలుపెడితేనే అది అధికారిక వ్యూస్‌లోకి వెళ్తుందని యూట్యూబ్ డెవలపర్ల పత్రాల్లోనే ఉంది. పేజీ తెరవగానే దానంతటదే మొదలైతే లెక్క లేదు. ప్లేయరు చిరునామాలో `autoplay=1` అని ఉంటుంది, దాన్ని తీసేయండి. మీ పేజీకి రోజూ కొంతమంది వస్తుంటే, ఆ ఒక్క మార్పు నాలుగు ఫోన్ల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇకముందు ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ముందుగా పసిగట్టాలంటే స్టూడియో అనలిటిక్స్‌లో రెండు చోట్ల చూడండి. మొదటిది రియల్‌టైమ్ గ్రాఫు, గత 48 గంటల వ్యూస్‌ను గంటగంటకూ చూపుతుంది. మనుషులు చూసినప్పుడు ఆ గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఐదు గంటల పాటు దాదాపు 60 దగ్గర చదునుగా సాగితే అది యంత్రం చేతి పని. ఆ అంకె అంచనా మాత్రమే, పేజీలోని దానితో సరిపోలకపోవచ్చు. రెండోది యూనిక్ వ్యూయర్స్. ఇది తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. వ్యూస్‌ను దానితో భాగిస్తే ఒక్కొక్కరు సగటున ఎన్నిసార్లు చూశారో వస్తుంది. మీ ఇతర పాటలతో పోల్చి, ఏదైనా వీడియోకు ఆ సగటు మరీ ఎక్కువగా కనిపిస్తే అక్కడ కోత పడే అవకాశం ఉంది.

వీడియోను తొలగించి మళ్లీ పెట్టవద్దు. కొత్త వీడియోకు కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది, 940 కూడా పోయి సున్నా నుంచి మొదలవుతుంది. డబ్బుకు వ్యూస్ అమ్మేవారి జోలికీ వెళ్లకండి. నకిలీ వ్యూస్ యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం, అంకె తగ్గడంతో సరిపెట్టకుండా వీడియోనే తీసేయవచ్చు. మీ మిత్రుడిని ఫోన్లు ఆపమనండి, అప్పటివరకు జరిగినదానికి మీరు చేయవలసింది ఇంకేమీ లేదు. పరిశీలనలో పక్కన ఉంచిన వ్యూస్ నిజమైనవిగా తేలితే అవి తర్వాత కలుస్తాయి, కాబట్టి 940 కొన్ని రోజుల్లో కొద్దిగా పెరిగినా ఆశ్చర్యపోకండి.