గోవా బంగారు పతకం, రాష్ట్ర జట్టు కాగితం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

ప్రవేశాల్లో క్రీడా కోటా కోసం నువ్వు ఫోనులో పంపిన మేనల్లుడి కబడ్డీ సర్టిఫికెట్లు మూడూ చూశాను. గోవాలో వచ్చిన బంగారు పతకం కాగితాన్ని నువ్వు అన్నిటికంటే పైన పెట్టావు, కానీ పరిశీలించేవారు దాన్నే ముందుగా పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. పోటీ పేరులో ‘జాతీయ’ అని ఉన్నంత మాత్రాన అది జాతీయ స్థాయి కాదు. దాన్ని నిర్వహించిన సమాఖ్యకు కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉండాలి, అదీ పోటీ జరిగిన నాటికి ఉండాలి. కుస్తీ సమాఖ్యనే చూడు, 2023 డిసెంబరులో సస్పెండ్ అయి, 2025 మార్చిలో మళ్లీ నిలబడింది. అందుకే కాగితం మీద సంస్థ పేరు తర్వాత నేను చూసేది తేదీ.

రెండో సంగతి, వాడు అక్కడికి ఎలా వెళ్లాడన్నది. నిజమైన జాతీయ పోటీకి జిల్లా ఎంపిక, రాష్ట్ర ఎంపిక దాటి, రాష్ట్ర జట్టు జాబితాలో పేరు ఎక్కి వెళ్లాలి. గోవాకు మాత్రం మనవాడు ప్రవేశ రుసుము కట్టి, అకాడమీ జట్టుతో నేరుగా వెళ్లాడు. ఎన్ని రాష్ట్రాలు ఆడాయని అడిగితే వాడికి నాలుగు జట్లే గుర్తున్నాయి. పరిశీలకులు ఇదే ప్రశ్న వేసి, జట్ల జాబితా, ఫలితాల పట్టిక అడుగుతారు.

పాఠశాలల జాతీయ క్రీడల్లో అండర్-17 జట్టుతో ఆడిన కాగితం పతకం లేకపోయినా దీనికంటే బలమైనది, ఎందుకంటే దాని వెనుక ఎంపిక వరుస అంతా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వాడే క్రీడా సర్టిఫికెట్ నమూనాల్లో నాలుగోది ఈ క్రీడలకే ఉద్దేశించినది. దాని మీద పాఠశాల క్రీడల బాధ్యత చూసే విద్యాశాఖ అధికారి స్వయంగా సంతకం చేయాలి, కోచ్ సంతకం చెల్లదు. మన ప్రవేశాల ప్రకటనలో ఏ నమూనా ఇచ్చారో చూసి, దాన్నే నింపించు. మూడోదైన జిల్లా పోటీ కాగితాన్ని విడిగా లెక్కించకపోవచ్చు కానీ, ఎంపిక వరుసకు సాక్ష్యంగా జతచేయి.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఒక పిల్లవాడి సర్టిఫికెట్ మీద ఫైనల్ జరగడానికి రెండు రోజుల ముందు తేదీ పడింది. గుమస్తా ముందే రాసిపెట్టుకున్నదే తప్ప అందులో మోసం లేదు. అయినా నిర్వాహకుల నుంచి ధ్రువీకరణ లేఖ వచ్చేసరికి కౌన్సెలింగ్ ముగిసిపోయింది. అందుకని పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం సరిచూడు. తేడా ఉంటే ఇచ్చినవారి చేతనే దిద్దించాలి, మనం కలం పెట్టకూడదు.

గోవా కాగితాన్ని దరఖాస్తులో చూపవద్దు. ఆదివారం అసలు కాగితాలతో వాణ్ణి వెంటబెట్టుకుని రా, ఇంటి దగ్గరే ఉంటాను.

మీ అన్నయ్య