ఇంగ్లండ్‌లో ఆదివారం ఫుట్‌బాల్ టీమ్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మేము తొమ్మిది మంది ఫ్రెండ్స్, అందరం తిరుపతి, చిత్తూరు వాళ్లమే. ఇంగ్లండ్‌లో ఒకే ఊళ్లో ఉంటున్నాం. సగం మంది మాస్టర్స్ చదువుతున్నారు, మిగతావాళ్లు ఉద్యోగాలు. సొంత టీమ్ పెట్టి అక్కడి సండే లీగ్‌లో చేరాలని ఉంది. సంక్రాంతికి ఇంటికొచ్చాం, నెలాఖరుకి వెళ్లిపోతాం. మనుషుల్ని ఎట్లా కూడగట్టాలి, గ్రౌండ్ ఎట్లా బుక్ చేయాలి, లీగ్‌లో ఎట్లా చేరాలి?

జవాబు:

తమ్ముడూ, అక్కడ సీజన్ సెప్టెంబర్‌లో మొదలై ఏప్రిల్, మే దాకా నడుస్తుంది. కొత్త టీమ్‌లను మధ్యలో తీసుకోరు కాబట్టి మీ లెక్క వచ్చే సెప్టెంబర్‌కే. జనవరిలో అడిగారు, టైమ్ సరిగ్గా సరిపోతుంది. అయితే ఒక పని మాత్రం అక్కడికి వెళ్లాక కంటే ఇక్కడ ఉన్నప్పుడే సులువు.

మీ తొమ్మిది మందిలో ఎవరైనా ఇండియాలో ఏదైనా క్లబ్ తరఫున రిజిస్టర్ అయి ఆడారా అన్నది ముందు తేల్చుకోండి. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కి సీఆర్ఎస్ అని ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంది. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో సాయంత్రాలు ఆడినవాళ్లకు, కాలేజీ టోర్నమెంట్లతో సరిపెట్టుకున్నవాళ్లకు దీనితో పనిలేదు. కానీ మన జిల్లా కుర్రాళ్లు బెంగళూరుకో చెన్నైకో వెళ్లి అక్కడి లీగ్ క్లబ్బుల్లో ఒక సీజన్ ఆడి రావడం మామూలే. అట్లా ఆడినవాడు ఇంగ్లండ్‌లో పదకొండు మంది ఆటకి రిజిస్టర్ కావాలంటే ఇంటర్నేషనల్ క్లియరెన్స్ కావాలి. పార్కులో ఆడే ఆదివారం లీగే కదా అని వదిలేయరు. అది రాకముందే ఆడిస్తే అర్హత లేని ఆటగాడిని దింపినట్టు లెక్క. గెలిచిన మ్యాచ్ పాయింట్లు పోతాయి, పైన జరిమానా. కాబట్టి అట్లాంటివాడు ఉంటే, చివరగా ఆడిన క్లబ్ పేరు, ఏ సీజన్, రిజిస్ట్రేషన్ నంబర్, అందులో తన పేరు ఎట్లా రాసి ఉందో పాత క్లబ్‌ని అడిగి రాసుకు రమ్మనండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. రెండూ కలవక దరఖాస్తు ఆగిపోతే అంత దూరం నుంచి ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.

జెర్సీలు తిరుప్పూర్‌లో చవకగా కుట్టించుకుని పోదాం అనుకుంటున్నారేమో. కుట్టించుకోండి, కానీ నలుపు, ముదురు నీలం జోలికి పోవద్దు. అక్కడి లీగ్ నియమాల్లో నల్లటి, బాగా ముదురు రంగు చొక్కాలు ఎవరికీ కుదరవు, గోల్‌కీపర్‌తో సహా. రిఫరీ వేసుకునేది నలుపు కాబట్టి. ఎరుపో పసుపో తీసుకుని, కీపర్‌కి రెండింటితోనూ కలవని రంగు పెట్టండి. వీపు మీద నంబర్లు తప్పనిసరి. బూట్లు మాత్రం ఇక్కడ కొనొద్దు. మన గట్టి నేలకి పనికొచ్చే పొట్టి స్టడ్స్ అక్కడి డిసెంబర్ బురదలో జారుతాయి.

ఇక మనుషులు. తొమ్మిది మంది ఉన్నారు, ఇంకో ఐదారుగురు దొరికితే చాలు అనుకుంటే నవంబర్‌లోనే టీమ్ మూతపడుతుంది. ఇరవై మంది పేర్లు ఉన్నాయనుకుందాం. మాస్టర్స్ పిల్లలకు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేసే వీలు. ఆ గంటలు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే పడతాయి. కేర్ హోమ్‌లోనో గోడౌన్‌లోనో శనివారం రాత్రి షిఫ్ట్ చేసినవాడు ఆదివారం పొద్దున పదిన్నర మ్యాచ్‌కి రాలేడు, వచ్చినా పరిగెత్తలేడు. అట్లా ఐదుగురు తగ్గారు. దెబ్బలతో ముగ్గురు, ఊరు వెళ్లినవాళ్లు ఇద్దరు. ఇక మిగిలింది పది. ఇరవై పేర్లతో కూడా పదకొండు మంది నిండలేదు చూడండి. ఏడుగురి కంటే తక్కువ ఉంటే మ్యాచ్ మొదలుపెట్టనివ్వరు. టీమ్ రాకపోతే లీగ్ జరిమానా వేస్తుంది, పదేపదే అయితే తీసేస్తుంది. అందుకని 22 నుంచి 24 మంది ఉండాలి, అందులో ఆదివారం షిఫ్ట్ లేని ఉద్యోగస్తులు కనీసం పన్నెండు మంది.

ఆ పన్నెండు మందీ తెలుగువాళ్లే కావాలని పట్టుబట్టొద్దు. కారణం డిసెంబర్, జనవరి. మనవాళ్లందరూ ఒకేసారి ఇంటికి టికెట్ బుక్ చేసుకుంటారు, అప్పుడు లీగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆఫీసులో పోలండ్ అతనో, పక్కింటి నైజీరియా అతనో, ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లో ఆరేడుగురు ఉంటేనే ఆ ఆరు వారాలు గట్టెక్కుతాయి. అందరికంటే ముందు గోల్‌కీపర్‌ని వెతకండి, వీలైతే ఇద్దరిని. మిగతా స్థానాల్లో ఎవరినైనా సర్దొచ్చు, రోజుకొకడిని కీపర్‌గా నిలబెడితే మాత్రం మ్యాచ్‌కి ఆరు గోల్స్ పడతాయి, పడ్డాక మిగతావాళ్లూ రావడం మానేస్తారు. ఇంకో మాట, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సరదాగా ఆడటానికి అడ్డు లేదు. కానీ పిల్లలకు కోచింగ్ ఇస్తే డబ్బులిస్తాం అని ఏ క్లబ్ అయినా అంటే ఒప్పుకోకూడదు, ఆ వీసా మీద కోచ్‌గా పని చేయడం నిషేధం.

ఫిబ్రవరి నుంచే వారానికొక సాయంత్రం లైట్లున్న 3జీ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి గ్రౌండ్ మీద ఏడుగురు చొప్పున ఆడటం మొదలుపెట్టండి. ఎవరు నికరంగా వస్తారో ఆ రెండు నెలల్లో తెలిసిపోతుంది. వాట్సాప్‌లో చేయెత్తినవాడిని కాదు, ఆరు వారాల్లో నాలుగు సార్లు వచ్చి అదే రాత్రి డబ్బు వేసినవాడిని లెక్కలోకి తీసుకోండి.

బుకింగ్‌లో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ప్రైవేట్ సెంటర్ల రేటులో 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. క్లబ్ పేరు మీద కనీసం పది సెషన్లు ఒకే వరుసగా బుక్ చేస్తే ఆ పన్ను పడదు. అన్నీ ఒకే చోట, ఒకే ఆటకి ఉండాలి. ఆ టైమ్‌లో గ్రౌండ్ మీ ఒక్కరికే ఇవ్వాలి. ఒక సెషన్‌కి ఇంకో సెషన్‌కి మధ్య కనీసం ఒక రోజు, ఎక్కువలో ఎక్కువ 14 రోజులు ఎడం. మీరు వచ్చినా రాకపోయినా వరుస మొత్తానికీ డబ్బు కడతామని రాతలో ఉండాలి. అంటే గంటకి 60 పౌండ్లు చెప్పే చోట మీకు పడేది 50. దీన్ని చెడగొట్టేది మళ్లీ పండగ సెలవులే. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఒకే బుకింగ్ చేసి, మధ్యలో మూడు వారాలు వదిలేస్తే 14 రోజుల నియమం తప్పిపోయి పన్ను పడుతుంది. అక్టోబర్ మొదటి వారం నుంచి డిసెంబర్ రెండో వారం లోపు పది, మళ్లీ జనవరి చివర నుంచి ఇంకో పది అని రెండు వరుసలుగా చేసుకోండి. ఈ మినహాయింపు క్లబ్బుకే గానీ విడి మనిషికి లేదు. కాబట్టి ఒక పేజీ నియమావళి రాసుకుని, ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్‌గా ముగ్గురు వేర్వేరు మనుషుల్ని పెట్టుకుని, క్లబ్ పేరుతో బ్యాంక్ ఖాతా ముందే తెరవండి. తర్వాత కౌంటీ ఫుట్‌బాల్ సంఘంలో క్లబ్‌ని నమోదు చేయించుకునే అఫిలియేషన్‌కీ ఇవే కావాలి, పని ఒక్కసారే అయిపోతుంది.

ఆదివారం మ్యాచ్‌లకు ఎక్కువగా కౌన్సిల్ వాళ్ల గడ్డి గ్రౌండ్లే. సీజన్ మొత్తానికి వారం విడిచి వారం ఇస్తారు, వేసవిలోనే అడగాలి. గోల్‌పోస్టులు ఉంటాయి గానీ నెట్‌లు, కార్నర్ జెండాలు మీరే తెచ్చుకోవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, ముందే అడగండి. జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు నిలిచి మ్యాచ్‌లు రద్దవుతాయి, అవన్నీ ఏప్రిల్‌లో వారం మధ్యలో సాయంత్రాలకు వచ్చి పడతాయి. బదులుగా 3జీ మీద ఆడదామనుకుంటే ఆ గ్రౌండ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ వాళ్ల 3జీ రిజిస్టర్‌లో ఉందా అని చూడండి. లేకపోతే లీగ్ మ్యాచ్‌కి పనికిరాదు.

మార్చి, ఏప్రిల్‌లో మీ చుట్టుపక్కల రెండు మూడు లీగ్‌ల సెక్రటరీలకు మెయిల్ పెట్టండి. పేర్లు ఎఫ్ఏ వాళ్ల ఫుల్‌టైమ్ సైట్‌లో దొరుకుతాయి. కింది డివిజన్‌లో ఎన్ని టీమ్‌లు ఉన్నాయో, పోయిన సీజన్‌లో ఎన్ని మధ్యలో తప్పుకున్నాయో అందులోనే చూడొచ్చు. తప్పుకున్నవి ఎక్కువుంటే ఆ లీగ్ వద్దు, మ్యాచ్‌లు లేని ఆదివారాలకు కూడా మీరు గ్రౌండ్ అద్దె కట్టినట్టవుతుంది. సీటు ఖాయమయ్యాక, వేసవిలో కౌంటీ ఎఫ్ఏలో అఫిలియేషన్, ఆటగాళ్ల ప్రమాద బీమా, ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్లు. పదకొండు మంది ఫ్రెండ్లీ మ్యాచ్‌లు అఫిలియేషన్ అయ్యాకే, అంటే ఆగస్టులో. అఫిలియేట్ అయిన టీమ్‌లు, అఫిలియేట్ కాని టీమ్‌తో ఆడకూడదు.

డబ్బు లెక్క ఇట్లా వేసుకోండి. అంకెలు నమూనాకే, మీ ఊరి రేట్లు పెట్టి మార్చుకోండి. సొంత గ్రౌండ్‌లో పది మ్యాచ్‌లు, ఒక్కోటి 70 చొప్పున 700 పౌండ్లు. రిఫరీకి 45 చొప్పున 450. అఫిలియేషన్, బీమా, లీగ్ ఫీజు కలిపి 300. జెర్సీలు 450, నెట్‌లు, జెండాలు, బంతులు 150. ప్రాక్టీస్ ఇరవై సెషన్లకు 1,000. మొత్తం 3,050. ఇరవై మంది ముందుగా తలా 60 కడితే 1,200 వస్తుంది. మ్యాచ్‌కి పద్నాలుగు మంది ఆరేసి పౌండ్లు ఇస్తే ఇరవై మ్యాచ్‌లకు 1,680. రెండూ కలిపి 2,880, అంటే 170 తక్కువ. అదే ఏడేసి అయితే 1,960 వచ్చి, 110 మిగులుతుంది. ముందు కట్టే 60 మీద మాత్రం ఎవరికీ వాయిదా ఇవ్వొద్దు. మొదటి మ్యాచ్ ఆడకముందే 900 ఖర్చు అయిపోతుంది, అది ఎవరో ఒకరి సొంత కార్డు మీద పడితే స్నేహాలు అక్కడే చెడతాయి. పసుపు కార్డు జరిమానా ఆడినవాడిదే, క్లబ్ ఖాతాలోంచి కట్టొద్దు. రిఫరీతో వాదిస్తే అక్కడ కార్డుతో పాటు పది నిమిషాలు బయట కూర్చోబెడతారు. తెలుగులో తిట్టినా సైగలు అర్థమవుతాయని మనవాళ్లకు చెప్పండి.

చేతికి కడియం, వేలికి ఉంగరం, మెడలో గొలుసు ఉన్నవాళ్లు మ్యాచ్‌కి ముందు తీసేయాలి. టేప్ చుట్టుకుంటే ఒప్పుకోరు. తిరుమలలో కట్టుకున్న దారం సంగతి ఆ రోజు రిఫరీ ఏమంటే అదే, కాబట్టి వామప్‌కి ముందే వెళ్లి ఆయన్ను అడగండి. షిన్ ప్యాడ్లు లేకుండా ఎవరినీ దిగనివ్వరు. రెండు జతలు కిట్ బ్యాగులో ఎక్కువగా పెట్టుకోండి, వారానికి ఒకడైనా మరిచిపోయి వస్తాడు.